ప్రవీణ్ పరీక్ష తయారీ: ఫైళ్ళు పెట్టింది మగవాడైతే క్రియ స్త్రీలింగంలో ఎందుకుంది?

సముద్రపుగాలి

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. హిందీ శిక్షణ యోజన కింద ప్రబోధ్ పూర్తి చేసి, ఇప్పుడు ప్రవీణ్ తరగతులకు వెళుతున్నాను. పరీక్ష నవంబరులో ఉంది. పాఠం చదివితే అర్థమవుతోంది, ఎదుటివారు మాట్లాడితే చాలావరకు తెలుస్తోంది, కానీ సొంతంగా రాయవలసి వచ్చేసరికి ప్రతి వాక్యమూ తప్పుల కుప్ప అవుతోంది. మొన్న తరగతిలో అనువాదానికి ఇచ్చిన వాక్యం ఇది:

నిన్న మా కార్యాలయంలోని కొత్త గుమాస్తా తన పాత ఫైళ్ళన్నీ పెద్ద అల్మారాలో పెట్టాడు.

నేను రాసినది: కల్ హమారా దఫ్తర్ కా నయా క్లర్క్ అప్నా సబ్ పురానా ఫాయిల్ బడా అల్మారీ మేం రఖా.

దిద్ది ఇచ్చినది: కల్ హమారే దఫ్తర్ కే నయే క్లర్క్ నే అప్నీ సారీ పురానీ ఫాయిలేం బడీ అల్మారీ మేం రఖీం.

14 మాటల వాక్యంలో 10 దిద్దుబాట్లు ఉన్నాయి. వాటిలో కొన్ని నాకే తెలిశాయి, కొన్ని ఎంత ఆలోచించినా తెలియడం లేదు. ముఖ్యంగా ఫైళ్ళు పెట్టింది మగవాడు కదా, అటువంటప్పుడు చివర స్త్రీలింగ రూపం ఎందుకు వచ్చింది? తెలుగువారికి అర్థమయ్యేలా ఎవరైనా వివరించగలరా?

విశారద

అమ్మా, మీ ప్రశ్న చదివి ఆశ్చర్యపోయాను. విశారద పూర్వార్ధం, ఉత్తరార్ధం దాటి ప్రవీణ్ వరకు వచ్చినవారికి లింగవచనాల దగ్గర సందేహం ఉండకూడదు. ఈ దశలో మీ సమయాన్ని కబీర్ దోహాలకూ తులసీ చౌపాయీలకూ సందర్భ సహిత వ్యాఖ్య రాయడానికీ, సాహిత్య చరిత్రకూ కేటాయించండి. నేను ప్రాథమిక్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ ఎక్కి ఇక్కడికి వచ్చాను, వ్యాకరణం అంతా మధ్యమ, రాష్ట్రభాష దశల్లోనే స్థిరపడింది. వీలైతే ఆ పుస్తకాలు మళ్ళీ తిరగేయండి.

సముద్రపుగాలి

విశారద గారూ, మీరు చెబుతున్నది దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ప్రవీణ్ అనుకుంటాను. నాది ప్రభుత్వోద్యోగులకు పెట్టే ప్రవీణ్. ప్రబోధ్ తరువాతిది, ప్రాజ్ఞ్‌కు ముందుది. పేరు ఒక్కటే, పరీక్షలు వేరు. మాకు కావ్యాలు లేవు, మామూలు వాక్యాలు తప్పు లేకుండా రాయడమే మా కష్టం.

విశారద

అవునా తల్లీ, పేరు చూసి పొరబడ్డాను. అయితే నా సలహాలో మొదటి భాగాన్ని వదిలేయండి, పాత పుస్తకాలు తిరగేయమన్న మాటను మాత్రం ఉంచుకోండి.

లెక్కలమనిషి

దీనికి ఇంత ఆందోళన అవసరం లేదు, రెండు సూత్రాలు చాలు. భూతకాలం వస్తే కర్తకు ‘నే’ తగిలించాలి, అప్పుడు క్రియ కర్మను అనుసరిస్తుంది. ‘ఆ’తో ముగిసే మాట పుంలింగం, ‘ఈ’తో ముగిసేది స్త్రీలింగం. ఈ రెండూ పెట్టుకునే నేను ప్రబోధ్ గట్టెక్కాను. మీ వాక్యంలో ఫాయిల్ స్త్రీలింగం, బహువచనం, కాబట్టి క్రియ ‘రఖీం’ అయింది.

పాతబడిపంతులు

లెక్కలమనిషి గారు చెప్పినది ఈ వాక్యానికి సరిపోతుంది, కానీ ఆ రెండు సూత్రాలనూ అలాగే పట్టుకుంటే తరువాతి వాక్యంలోనే పడిపోతారు. వాటి సంగతి కాసేపటికి చెబుతాను. ముందు అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను. నేను తెలుగు పిల్లలకు చాలా ఏళ్ళు హిందీ చెప్పాను, ఈ సందేహం వారిలో అందరికీ వచ్చినదే.

అమ్మా, ‘నాకు రెండు పుస్తకాలు దొరికాయి’ అన్న తెలుగు వాక్యాన్ని చూడండి. దొరికింది మీకే అయినా ‘దొరికాను’ అనరు. క్రియ పుస్తకాలను పట్టుకుని ‘దొరికాయి’ అయింది. కారణం ఏమిటంటే ‘నేను’ అన్న మాటకు ‘కు’ తగిలి ‘నాకు’ అయింది, విభక్తి తగిలిన నామానికి క్రియను శాసించే అధికారం పోయింది, ఆ అధికారం విభక్తి లేకుండా మిగిలిన ‘పుస్తకాలు’కు దక్కింది. హిందీలో జరిగేదీ సరిగ్గా ఇదే. తేడా అల్లా, మనం ఇలా ‘దొరికింది, కావాలి, ఆకలి వేసింది’ వంటి చోట్ల మాత్రమే చేస్తాం, హిందీవారు పూర్తయిన సకర్మక క్రియలకు దాదాపు అన్నిటికీ చేస్తారు. క్లర్క్‌కు ‘నే’ తగిలింది, అందువల్ల క్లర్క్ పక్కకు తప్పుకున్నాడు. విభక్తి లేకుండా మిగిలినవి ఫైళ్ళు. ఫాయిల్ స్త్రీలింగం, అవి అనేకం, కనుక రఖీఁ. ఆ గుమాస్తా స్త్రీ అయినా ఈ క్రియ మారదు, ‘కే నయే క్లర్క్’ బదులు ‘కీ నయీ క్లర్క్’ అవుతుంది, అంతే.

మరి ఫైళ్ళకు కూడా ‘కో’ తగిలితే? అప్పుడు వాక్యంలో విభక్తి లేని నామమే మిగలదు. క్రియ ఎవరినీ అనుసరించలేక పుంలింగ ఏకవచనంలో నిలిచిపోతుంది: అప్నీ సారీ పురానీ ఫాయిలోఁ కో బడీ అల్మారీ మేఁ రఖా. చూశారా, మీరు చివర రాసిన ‘రఖా’ ఇక్కడ ఒప్పు అయింది.

ఇక మిగిలిన దిద్దుబాట్లలో హమారే, కే, నయే మూడింటికీ కారణం ఒక్కటే. తెలుగులో ‘ఇల్లు’కు ‘లో’ చేరిస్తే ‘ఇల్లులో’ అనం, ‘ఇంట్లో’ అంటాం. విభక్తి రాబోతోందని తెలిసి నామం ముందే రూపం మార్చుకుంటుంది. హిందీలో కమరా అన్న మాట ‘మేఁ’ ముందు కమరే అవడం కూడా అదే. ఇంతవరకు మనకు కొత్త ఏమీ లేదు. కొత్తదల్లా విశేషణం దగ్గర ఉంది. ‘పెద్ద ఇల్లు, పెద్ద ఇంట్లో’ అన్నప్పుడు మన ‘పెద్ద’ కదలదు, కానీ బడా కమరా అన్నది ‘బడే కమరే మేఁ’ అవుతుంది. ఇందులో ఇంకొక చిక్కు ఉంది. క్లర్క్ వంటి హల్లుతో ముగిసే మాట ‘నే’ ముందు వచ్చినా పైకి ఏ మార్పూ కనిపించదు. అందువల్ల మార్పు జరగలేదని మనం అనుకుంటాం, కానీ దాని ప్రభావం ముందున్న మాటల మీద పడుతుంది. నయా నయే అయింది, కా కే అయింది. దఫ్తర్ కూడా ‘కే’ అన్న విభక్తి ముందున్న నామమే, కనుక హమారా హమారే అయింది, అక్కడ ‘కా’ ఉన్నా అలాగే అవుతుంది. ఒక్క ‘నే’ పెడితే దాని కుదుపు రెండు మాటల అవతల ఉన్న ‘కా’ దాకా పాకింది.

అందుకే నా విద్యార్థులను ఎడమ నుంచి కుడికి దిద్దవద్దని చెప్పేవాడిని. వాక్యం రాసిన తరువాత ముందు నే, కో, సే, మేఁ, పర్, కా-కే-కీ లకు పెన్సిలుతో సున్న చుట్టాలి. ప్రతి సున్న దగ్గర నుంచి ఎడమ వైపుకు నడుస్తూ, ఆ నామాన్నీ దానికి చెందిన విశేషణాలనూ మార్చుకుంటూ పోవాలి. అది అయ్యాక సున్న తగలని నామం ఏది మిగిలిందో చూసి, క్రియను దానితో కలపాలి. కర్తే సున్న లేకుండా ఉంటే క్రియ కర్తదే, కర్మ వైపు చూడనక్కరలేదు. మీ వాక్యాన్ని ఇలా ఒకసారి చేసి చూడండి.

గోల్కొండవాసి

పంతులు గారూ, నా బాధ ఇంకొక రకం. నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో. హిందీ నాకు చిన్ననాటి నుంచి నోట్లో నానిన భాష, బజారులోనూ స్నేహితుల ఇళ్ళలోనూ అదే మాట్లాడాను. మాట్లాడటంలో తడబాటు అన్నది లేని నాకు రాత పరీక్షలో, హిందీ అసలు రాని మా సహోద్యోగి కంటే తక్కువ మార్కులు వచ్చాయి. జవాబు పత్రంలో అన్నీ ‘నే’ లేని తప్పులేనని తరువాత తెలిసింది. మేము ‘మైఁ రోటీ ఖాయా’ అనే అంటాము. చెవికి అదే ఒప్పుగా వినిపిస్తుంది. దీన్ని ఎలా మాన్పించుకోవాలి?

పాతబడిపంతులు

మీరు మాట్లాడేది తప్పుడు హిందీ కాదండీ, అది దక్కనీ. దానికి సొంత వ్యాకరణం ఉంది, ఆ వ్యాకరణంలో క్రియ తెలుగులో లాగానే కర్తను అనుసరిస్తుంది. పరీక్షకు కావలసినది మాత్రం ఖడీబోలీ వ్యాకరణం. కనుక మీ చెవి చెప్పే మాటను పరీక్ష గదిలో నమ్మకండి, సున్న చుట్టే పద్ధతినే నమ్మండి. మీ సహోద్యోగికి చెవి లేదు కాబట్టి ఆయన ప్రతి వాక్యాన్నీ కట్టి చూసుకున్నారు, తేడా అక్కడే వచ్చింది. ఒక అభ్యాసం చెబుతాను. మీరు రోజూ అనే భూతకాల వాక్యాలు 10 తీసుకుని, వాటిని ‘నే’తో తిరగరాసి పైకి చదవండి. మైఁనే రోటీ ఖాయీ, మైఁనే చాయ్ పీ, మైఁనే ఆమ్ ఖాయా. మగవారి నోట ‘ఖాయీ’ రావడానికి మొదట సంకోచం కలుగుతుంది, ఆ సంకోచం పోయేవరకు చదవాలి.

ఇప్పుడు లెక్కలమనిషి గారి మొదటి సూత్రం. భూతకాలం అంతటికీ ‘నే’ రాదు. ‘వహ్ రోటీ ఖాతా థా’, ‘వహ్ రోటీ ఖా రహా థా’ రెండూ భూతకాలమే, రెండింటిలోనూ ‘నే’ లేదు, ఎందుకంటే అక్కడ పని పూర్తయినట్టు చెప్పడం లేదు. జానా, ఆనా, సోనా వంటి అకర్మక క్రియలకు సాధారణంగా రాదు. సకర్మకంలా కనిపించే లానా, భూల్నా రెండూ కూడా ‘నే’ను దగ్గరకు రానివ్వవు, బోల్నా కూడా సాధారణంగా అంతే. పరీక్షలో ఎక్కువ మంది పడిపోయేది ఈ లానా, భూల్నాల దగ్గరే. అలాగే వాక్యం చివర చుక్నా, సక్నా వస్తే ప్రధాన క్రియ ఏదైనా ‘నే’ ఉండదు: మైఁ చిట్ఠీ లిఖ్ చుకా హూఁ.

లెక్కలమనిషి

అంగీకరిస్తున్నాను. ‘ఖాతా థా’ సంగతి నేను మరచిపోయాను. కానీ రెండవ సూత్రం గురించి నాకు గట్టి నమ్మకం ఉంది. ‘ఆ’ అయితే పుంలింగం, ‘ఈ’ అయితే స్త్రీలింగం అన్న సూత్రం నన్ను చాలాసార్లు కాపాడింది.

తెల్లకాగితం

లెక్కలమనిషి గారూ, పానీ, ఘీ, మోతీ, హాథీ అన్నీ ‘ఈ’తో ముగుస్తాయి, అన్నీ పుంలింగాలే. హవా, దవా, భాషా, యాత్రా ‘ఆ’తో ముగుస్తాయి, అన్నీ స్త్రీలింగాలు. మీ సూత్రం కమరా, దర్వాజా, కుర్సీ వంటి ఇంటి మాటలకు బాగానే పనిచేస్తుంది, కార్యాలయంలో వాడే సంస్కృత పదాల దగ్గర మాత్రం తలకిందులవుతుంది.

ఆ సంస్కృత పదాలకు నేను ఒక గుర్తు కనిపెట్టుకున్నాను. తెలుగువారికి మాత్రమే పనికివచ్చే గుర్తు ఇది. మాటను ముందు తెలుగులో అనుకోవాలి. తెలుగులో చివర ‘ం’ ఉన్నదంటే హిందీలో అది పుంలింగం: కార్యాలయం, ఆదేశం, వేతనం, నగరం, జీవనం. హిందీలో ఇవి కార్యాలయ్, ఆదేశ్, వేతన్, నగర్, జీవన్ అవుతాయి. తెలుగులో ‘ం’ లేకుండా ఊరికే అకారంతో ముగిస్తే, హిందీలో చివర దీర్ఘం వస్తుంది, స్త్రీలింగం అవుతుంది: భాష, పరీక్ష, యాత్ర, సమస్య, సంస్థ, సూచన, యోజన, వ్యవస్థ. మన పూర్వులు సంస్కృతంలో స్త్రీలింగంగా ఉన్న మాటలకు ‘ం’ చేర్చలేదు, హిందీవారు ఆ స్త్రీలింగాన్ని అలాగే నిలుపుకున్నారు. అందుకే ఇది చాలాచోట్ల కలుస్తుంది.

పాతబడిపంతులు

ఇది మంచి గుర్తు, నేను కూడా తరగతిలో చెప్పేవాడిని. అయితే దీనికి లొంగని మాటలు కొన్ని ఉన్నాయి, అవి పరీక్షలో తరచుగా వచ్చేవే. పుస్తకం మనకు ‘ం’తో ఉంది, హిందీలో పుస్తక్ స్త్రీలింగం. విజయం, శపథం, సంతానం కూడా అంతే, హిందీలో విజయ్, శపథ్, సంతాన్ స్త్రీలింగాలు. అటువైపు నుంచి చూస్తే దేవత అన్నది మనకు ‘ం’ లేని మాట, పైగా మన మనసులో స్త్రీ, హిందీలో దేవతా పుంలింగం. ఇకారంతో ముగిసే శక్తి, స్థితి, నీతి, గతి స్త్రీలింగాలు, కానీ వ్యక్తి సాధారణంగా పుంలింగం.

ఇంకొక మాట చెప్పాలి. లింగం కలిసినంత మాత్రాన అర్థం కలవదు. హిందీలో అవకాశ్ అంటే సెలవు, శిక్షా అంటే చదువు, ఉపన్యాస్ అంటే నవల. ‘మంచి అవకాశం వచ్చింది’ అన్నదానికి ‘అవకాశ్’ వాడిన జవాబులు నేను ఎన్నో దిద్దాను.

సముద్రపుగాలి

చాలా ఉపయోగంగా ఉంది. అయితే ఫాయిల్, మేజ్, తారీఖ్, బాత్ వంటి మాటలకు ఏ గుర్తూ లేదు కదా. వాటిని జాబితాగా రాసుకుని బట్టీ పట్టాలా?

తెల్లకాగితం

జాబితా వద్దండీ. నేను ప్రతి మాటనూ విశేషణంతో జతచేసి నేర్చుకుంటాను. మేజ్ అని కాకుండా ‘నయీ మేజ్’ అనీ, కామ్ అని కాకుండా ‘మేరా కామ్’ అనీ, తారీఖ్ అని కాకుండా ‘అచ్ఛీ తారీఖ్’ అనీ నోటికి అలవాటు చేస్తాను. లింగం గుర్తుకు రాకపోయినా జత గుర్తుకు వస్తుంది.

విశారద

ఈ విషయంలో నేను ఏకీభవించలేను. జాబితాలే నన్ను నిలబెట్టాయి. ఒక వైపు పుంలింగాలు, ఒక వైపు స్త్రీలింగాలు రెండు రంగుల సిరాతో రాసుకుని, పరీక్షకు ముందు రాత్రి ఒక్కసారి కళ్ళు తిప్పితే పేజీయే కళ్ళ ముందు కనిపించేది. పైగా కలమ్ వంటి మాట ఒక పుస్తకంలో పుంలింగంగా, మరొక పుస్తకంలో స్త్రీలింగంగా కనిపిస్తుంది. జతగా నేర్చుకున్నవారు ఇటువంటి చోట ఏ జతను నమ్ముతారు?

తెల్లకాగితం

కలమ్ రెండు విధాలా వాడుకలో ఉంది, దానికి జాబితా కూడా జవాబు చెప్పదు కదండీ. మా తరగతి పుస్తకంలో ఎలా ఉందో అలా రాస్తాను.

గోల్కొండవాసి

దహీ సంగతి కూడా అలాగే ఉంది. వ్యాకరణం పుంలింగం అంటుంది, ‘దహీ ఖట్టీ హై’ అనే ఉత్తరాదివారిని నేను స్వయంగా విన్నాను. పరీక్షలో ఏది రాయాలి?

పాతబడిపంతులు

‘దహీ ఖట్టా హై’ అని రాయండి. మాట్లాడేవారిలో తేడాలుంటాయి, దిద్దేవారి చేతిలో ఉండేది ప్రామాణిక రూపం. జాబితానా, జతనా అన్న వాదులో నేను కలగజేసుకోను. నా విద్యార్థుల్లో రెండు పద్ధతులవారూ నెగ్గారు.

సముద్రపుగాలి

పంతులు గారూ, మరొక సందేహం. మన ‘కు’కు హిందీలో ‘కో’ అని నేర్చుకున్నాను, కానీ నేను ‘కో’ పెట్టిన చోట సగం కొట్టివేశారు. ‘ముఝే దో భాయీ హైం’ తప్పన్నారు, ‘మైం దఫ్తర్ కో గయీ’ కూడా బాగాలేదన్నారు.

పాతబడిపంతులు

మన ‘కు’ చాలా పెద్ద గొడుగు అమ్మా, దాని కింద హిందీవారు నాలుగైదు వేరు వేరు మాటలు పెట్టుకున్నారు. ‘నాకు జ్వరంగా ఉంది’ అన్నప్పుడు అది మీరు అనుభవించేది, అక్కడ ‘ముఝే బుఖార్ హై’ సరిపోతుంది. ‘నాకు హిందీ వచ్చు’ కూడా మన వాక్యంలా ‘ముఝే హిందీ ఆతీ హై’ అవుతుంది. ఆతీ అన్నది హిందీని బట్టి వచ్చింది కనుక మగవారు కూడా ఆతీ అనే అంటారు. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ అన్నప్పుడు బంధుత్వం కాబట్టి ‘మేరే దో భాయీ హైఁ’ అనాలి. ‘నాకు డబ్బుంది’ అన్నప్పుడు చేతిలో ఉన్న వస్తువు కాబట్టి ‘మేరే పాస్ పైసే హైఁ’ అనాలి. వెళ్ళే చోటుకు సాధారణంగా ఏదీ అక్కరలేదు: మైఁ దఫ్తర్ గయీ. అనువాదం చేసేటప్పుడు ‘కు’ కనిపించగానే ‘కో’ రాయకుండా, అది అనుభవమా, బంధుత్వమా, చేతిలోని వస్తువా, గమ్యమా అని ఒక్క క్షణం ఆగి చూడాలి.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. మనం ‘చెల్లెలిని అడిగాను’ అంటాం, హిందీవారు ‘బహన్ సే పూఛా’ అంటారు. పూఛ్నా, కహ్నా, మిల్నాలకు మనుషుల దగ్గర ‘సే’ కావాలి.

తెల్లకాగితం

లిపి గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. వ్యాకరణం అంతా సరిగా కట్టి, చుక్క దగ్గర మార్కు పోగొట్టుకున్న బాధ నాకు తెలుసు. సముద్రపుగాలి గారూ, మీరు ‘మేం, హైం, రఖీం’ అని నిండు సున్నతో రాశారు. తెలుగు లిపిలో అచ్చయిన గైడ్లలో అలాగే ఉంటుంది, దాన్ని చదివి మనం మౌఖిక పరీక్షలో ‘హైమ్, మేమ్’ అని పలుకుతాం. పంతులు గారు అరసున్నతో ‘మేఁ, హైఁ’ అని రాయడం గమనించండి. అది ముక్కులోంచి పోయే అచ్చు మాత్రమే, చివర పెదవులు కలవకూడదు.

దేవనాగరిలో ఆ చుక్క లేకపోతే వచనమే మారిపోతుంది. ఒకరికి హై, అనేకులకు హైఁ. ఒక ఫైలు అయితే రఖీ, చాలా ఉంటే రఖీఁ. మీరు ఎంత కష్టపడి ఫైళ్ళను బహువచనం చేసినా, చివర చుక్క మరచిపోతే అది తప్పే. మేఁకూ మైఁకూ మధ్య తేడా అక్షరం నెత్తిన ఒక గీతా, రెండు గీతలా అన్నదే. తొందరలో రాస్తే ‘లో’ అన్నది ‘నేను’ అయిపోతుంది.

ఇంకొకటి అక్షరం కింద పెట్టే చుక్క. బడా, లడ్కా, పఢ్నాలలో డ, ఢల కింద చుక్క ఉంటుంది. తెలుగులో అటువంటిది లేదు కాబట్టి మన కంటికి అది ఆనదు. పైగా మనం ఢను డగా పలుకుతాం. అందువల్ల ‘పఢీ’ రాయవలసిన చోట ‘పడీ’ రాస్తాం, ‘చదివాను’ అన్నది ‘పడింది’ అయిపోతుంది.

విశారద

లిపిలో నన్ను ఎక్కువ కాలం వేధించినది రేఫ. కర్మ, వర్షా, ధర్మ వంటి మాటల్లో ముందు పలికే ‘ర్’ తరువాతి అక్షరం నెత్తిన కొక్కెంలా కూర్చుంటుంది. చేతి రాతలో దాన్ని ఒక అక్షరం ముందే పెట్టేదాన్ని. మా నాన్నగారు పాత తెలుగు అచ్చు పుస్తకం తెరిచి వలపలగిలక చూపించారు. అందులో కూడా ‘ర్’ను ముందు పలికి, గుర్తును అక్షరం తరువాత రాస్తారు. ఆ పోలిక చూసిన తరువాత మళ్ళీ తప్పు చేయలేదు.

పాతబడిపంతులు

బాగా గుర్తు చేశారు. దానితో పాటు ఒకటి చేరుస్తాను. తెలుగువారు ‘రామ్, కితాబ్’ అని పలుకుతారు కనుక దేవనాగరిలో చివరి అక్షరానికి హలంతం పెడతారు. అక్కడ హలంతం పెట్టకూడదు. చివరి అకారం రాతలో ఉంటుంది, పలుకులో ఉండదు.

సముద్రపుగాలి గారూ, ఇప్పుడు ఒక వాక్యం మీరే కట్టి చూపించండి. ‘మొన్న నేను మా చెల్లెలిని అడిగి రెండు పుస్తకాలు తెచ్చాను.’

సముద్రపుగాలి

సున్నలు చుట్టి, ఎడమకు నడిచి, చుక్కలు చూసుకుని రాశాను:

పరసోఁ మైఁనే అప్నీ బహన్ సే పూఛ్‌కర్ దో కితాబేఁ లాయీఁ.

చెల్లెలికి ‘సే’ పెట్టాను. మేరీ అనకుండా అప్నీ అన్నాను, ఎందుకంటే ఆమె కర్తకే చెల్లెలు. నాకు ‘నే’ తగిలింది, మిగిలినవి పుస్తకాలు, కనుక లాయీఁ. ఈసారి ఒక్క తప్పు కూడా లేదనుకుంటున్నాను.

గోల్కొండవాసి

నా చెవికి ‘నే’ అడ్డంగా తగులుతోంది, కానీ నా చెవిని నమ్మవద్దన్నారు కదా, అందుకని ఏమీ అనలేకపోతున్నాను.

పాతబడిపంతులు

గోల్కొండవాసి గారూ, ఈసారికి మీ చెవి ఒప్పే చెప్పింది. అమ్మా, సే, అప్నీ, పూఛ్‌కర్, కితాబేఁ అన్నీ సరిగా ఉన్నాయి. క్రియ ఏదో ఒకసారి చూడండి. అది లానా.

సముద్రపుగాలి

అయ్యో, మీరు చెప్పిన మాటే కదా ఇది! లానాకు ‘నే’ రాదు. అయితే నాకు సున్న తగలలేదు, అంటే క్రియ పుస్తకాలను కాక నన్నే అనుసరించాలి. పరసోఁ మైఁ అప్నీ బహన్ సే పూఛ్‌కర్ దో కితాబేఁ లాయీ. ‘నే’తో పాటు చివరి చుక్క కూడా పోవాలి, ఎందుకంటే నేను ఒక్కదాన్నే. ఇదే వాక్యం మా గుమాస్తా రాసుకుంటే ‘మైఁ దో కితాబేఁ లాయా’ అనాలి, అవునా?

పాతబడిపంతులు

అవునమ్మా. అదే గుమాస్తా తెచ్చిన పుస్తకాలను చదివితే ‘మైఁనే దో కితాబేఁ పఢీఁ’ అనాలి. ఢ కింద చుక్క మరవకండి.